వంత ముందు రాయండి, చరణం తర్వాత

ప్రశ్న: మా ఊరి పోచమ్మ బోనాలకు ఈసారి కొత్త పాట రాశాను. చదువుతుంటే బాగానే ఉంది. దప్పులతో ఒకసారి పాడి చూస్తే మాత్రం దెబ్బ ఒకచోట, మాట ఒకచోట పడుతున్నాయి. వెనక వంత పాడాల్సిన ఆడవాళ్లు రెండు లైన్లకే ఆగిపోయారు. మధ్యలో కేకలు ఎక్కడ వేయాలో కూడా తెలియడం లేదు. ఇంకా మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

సమాధానం:

మూడు వారాలు చాలు. ఇరవై ఏళ్లుగా మా ఊరి బోనాలకు, చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లకు పాటలు కట్టిస్తున్నాను. మీరు చెప్పిన ఇబ్బంది నా మొదటి పాటకూ వచ్చింది. నాలుగు చరణాలు, రెండేసి లైన్ల వంతతో పెద్ద పాట రాశాను. ఊరేగింపు రెండో వీధి తిరిగేసరికి ఆ పాటను నేనొక్కడినే పాడుతున్నాను. నెత్తిన బోనంతో నడుస్తున్న ఒక పెద్దమ్మ ఆ రోజు సాయంత్రం నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "బిడ్డా, నీ పాట మంచిగనే ఉన్నది గాని, బోనం పడకుండ చూసుకోవాల్నా, నీ మాటలు యాదికుంచుకోవాల్నా?" అప్పటి నుంచి పాటను పల్లవి నుంచి మొదలుపెట్టడం మానేశాను. వంత నుంచి మొదలుపెడతాను.

ఊరేగింపులో పాడేవాళ్ల పరిస్థితి ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. వాళ్ల నెత్తి మీద అన్నం నిండిన కుండ, దాని మీద ఇంకో చిన్న ముంత, ఆ పైన వెలుగుతున్న దీపం ఉంటాయి. మెడ తిప్పే వీలు లేదు, కాగితం చూసే వీలు లేదు. పొద్దున్నుంచి ఒక్క పొద్దు ఉన్నారు. పక్కనే దప్పులు మోగుతుంటాయి కాబట్టి ముందు నుంచి మీరు పాడే లైనులో సగం మాటలు వాళ్లకు వినిపించవు. అందుకే వాళ్లు అందుకోవాల్సింది ఎప్పుడూ ఒకటే లైను అయి ఉండాలి. ఒక్క ఊపిరిలో అయిపోవాలి, చివర్లో ఊపిరి తీసుకోవడానికి చోటుండాలి. ఒకసారి వింటే మళ్లీ నేర్పాల్సిన పని ఉండకూడదు. ఈ ఒక్క లైను కుదిరితే పాట కుదిరినట్టే. మీ పని సగానికి పైగా దీని మీదే పెట్టండి.

ఆ లైను రాసే ముందు కాగితం పక్కన పెట్టి, మీ ఊరి దప్పు కళాకారుల దగ్గరికి వెళ్లి కూర్చోండి. పాట రాసి తీసుకెళ్లి "దీనికి కొట్టండి" అనడం వెనకనుంచి మొదలుపెట్టడమే. బోనాలకు నడక దరువు ఏది కొడతారో అడగండి. అది మొదలుపెట్టమని చెప్పి, వాళ్ల పక్కనే నాలుగు అడుగులు నడవండి. కుడిచేతి సిర్ర గట్టిగా పడే దెబ్బ మీద మీ కాలు దానంతటదే పడుతుంది. ఎడమచేతి సిటికెన పుల్ల ఆ పెద్ద దెబ్బల మధ్య ఖాళీని నింపుతుంటుంది. ఒక పెద్ద దెబ్బ నుంచి తర్వాతి పెద్ద దెబ్బ పడేలోగా, ఆ మొదటి దెబ్బను కూడా కలుపుకుని, ఎన్ని సమానమైన లెక్కలు వస్తున్నాయో చూడండి. ఒక్కో లెక్క ఒక మాత్ర. మూడు వస్తే మూడు మాత్రల నడక, నాలుగు వస్తే నాలుగు మాత్రల నడక. మా ఊళ్లో బోనాలు నడిచేది మూడు మాత్రల మీద. నోటితో చెప్పాలంటే "డం-డ డం-డ" అని సాగుతుంది. మీ ఊళ్లో ఏదో వాళ్లే చెప్పాలి.

ఇక మాటలను ఆ దెబ్బల్లో కూర్చోబెట్టాలి. దీనికి ఛందస్సు పుస్తకం అక్కర్లేదు. పొట్టి అక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు మాత్రలు. పక్కన సున్న ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం పొట్టివైనా రెండే. "దప్పు" అంటే మూడు మాత్రలు, "కుండ" మూడు, "తల్లి" మూడు, "పసుపు" కూడా మూడు. "బోనం" అంటే నాలుగు మాత్రలు, అందుకే మూడు మాత్రల నడకలో అది ఇరుకుతుంది. దాన్నే "బోనమెత్తి" అని చూడండి: బోన-మెత్తి, మూడు మూడు, దెబ్బ మీద దెబ్బ. మన పల్లె మాటల్లో ఇలా పెద్దక్షరం, చిన్నక్షరం జంటగా వచ్చేవి చాలా ఎక్కువ: సాక, యాప, మండ, గజ్జె, బండి, కట్ట, జాతర లాంటి మాటల్లో మొదటి రెండక్షరాలు. మూడు మాత్రల దరువు మీద ఊరి మాట అంత తేలికగా నడవడానికి ఇదొక కారణం.

మీ పాట నాకు కనిపించలేదు గానీ, కొత్తగా రాసేవాళ్ల దగ్గర నేను తరచూ చూసే లైను ఒకటి చెబుతాను. "శ్రద్ధాభక్తులతో తెచ్చిన నైవేద్యము". లెక్కపెడితే 20 మాత్రలు. నాలుగు పెద్ద దెబ్బల లైనులో పట్టేది 12 మాత్రలే. పాడే మనిషి ఎనిమిది మాత్రలను మింగాలి, లేదా దప్పును మించి పరుగెత్తాలి. సరే, కుదిద్దామని "నైవేద్యము తెచ్చినాము" అని మార్చారనుకోండి. ఇప్పుడు లెక్కకు సరిగ్గా 12 మాత్రలే. అయినా నోటికి అడ్డం పడుతుంది. ఎందుకంటే "నైవేద్యము"లో నై రెండు, వే రెండు. మూడో మాత్ర తర్వాత పడాల్సిన దెబ్బ "వే" నడుమ పడి దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. లైను పొడవు సరిపోవడం ఒకటి, మూడు మూడుగా విరగడం ఇంకొకటి. రెండూ చూసుకోవాలి. "పాల బువ్వ తెచ్చినాము" అని మార్చి చప్పట్లతో పాడి చూడండి: పాల, బువ్వ, తెచ్చి, నాము. నాలుగు దెబ్బలు, నాలుగు ముక్కలు. పైగా నైవేద్యం అనే మాటకు బొమ్మ లేదు, పాల బువ్వకు ఉంది. ఆ పొద్దున బియ్యం, పాలు, బెల్లం వేసి వండిన మనిషికి తన పని తన నోట్లోకి వస్తుంది. మీ ఊళ్లో పసుపన్నమో పెరుగన్నమో వండితే అదే రాయండి. వండనిది పాటలో పెడితే వంత పాడేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు వంత కడదాం. పోచమ్మ గుడికి బోనం తీసుకెళ్తూ తల్లిని ఏమని పిలుస్తాం? ఎదురు రమ్మంటాం. నేను ఇలా పెడతాను:

ఎదురు రావె పోచమ్మ

ఎదురు మూడు, రావె మూడు. పోచమ్మ అన్నది లెక్క ప్రకారం 5 మాత్రలు. పాడేటప్పుడు "పోచ" మూడు మాత్రల్లో అయిపోయి, చివరి పెద్ద దెబ్బ సరిగ్గా "మ్మ" మీద పడుతుంది. ఆ "మ్మ" రెండు మాత్రలు సాగుతుంది, ఇంకో మాత్ర మిగులుతుంది. ఆ మిగిలిన ఒక్క మాత్రే ఊపిరి. దాన్ని నింపకండి. చాలామంది అక్కడ "ఓ" అనో "తల్లీ" అనో చేర్చి లైనును నిండుగా చేద్దామనుకుంటారు, పది నిమిషాల నడకలో వంత ఆగిపోయేది సరిగ్గా అందుకే.

పేరు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఒక ఊరి పాటను ఇంకో ఊళ్లో పేరు మార్చి పాడటం మామూలు. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, దుర్గమ్మ, ఈ పేర్లన్నీ 5 మాత్రలే, ఒకదాని చోట ఒకటి హాయిగా కూర్చుంటాయి. ముత్యాలమ్మ, పోలేరమ్మ మాత్రం 7. "ఎదురు రావె ముత్యాలమ్మ" అని ఈ నడకలో పాడితే ఊపిరి మాత్ర పోతుంది, తర్వాతి లైను మీద కాలు పడుతుంది. ఒక ఊరి వాళ్లు మా పాటను తీసుకెళ్లి ముత్యాలమ్మకు పాడుకుంటామంటే వద్దనలేదు గానీ, దరువునే మార్చమన్నాను. ముత్యాలమ్మా అని పిలుపుగా దీర్ఘం తీస్తే 8 మాత్రలు, అంటే నాలుగు నాలుగు. నాలుగు మాత్రల దరువు మీద "ఎదురే రావే ముత్యాలమ్మా" అంటే ముక్క ముక్కా నాలుగేసి మాత్రలతో చక్కగా విరుగుతుంది. అమ్మవారి పేరు దరువును ఎంచుకుంటుందని నేను అనుకుంటాను. పేరును నొక్కి, విరిచి పాటలో ఇరికించడం నాకు నచ్చదు. పేరు స్పష్టంగా వినిపించాలి.

వంత కుదిరాక చరణాలు తేలిక. చరణంలో ప్రతి లైను ముందువాళ్లు ఒకసారి పాడతారు, వెంటనే వెనకవాళ్లు వంత అందుకుంటారు. అంటే మీ లైను నాలుగు పెద్ద దెబ్బలు, వంత నాలుగు పెద్ద దెబ్బలు. ఏం రాయాలన్నది వెతుక్కోవాల్సిన పని లేదు. బోనం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో ఆ వరుసే పాట. మొదటి చరణం ఇంట్లో, రెండోది బాట మీద, మూడోది గుడి ముందు. పూర్తి పాట కింద ఇస్తున్నాను, ప్రతి లైను తర్వాత వంత ఉందనుకొని చదవండి.

ఇంటి దగ్గర:

కొత్త కుండ కడిగినాము
పాల బువ్వ వండినాము
పసుపు రాసి బొట్టు పెట్టి
యాప మండ చుట్టినాము

బాట మీద:

దప్పు మోత ముందు నడవ
చెరువు కట్ట దాటినాము
గజ్జె కట్టి పోతరాజు
గంతు లేసి వచ్చినాడు

గుడి ముందు:

సాక పోసి మొక్కినాము
ఊరి చుట్టు కాపు గాసి
పిల్ల జెల్ల సల్లగుంచు
మల్ల ఏటి కొస్తమమ్మ

చప్పట్లు కొడుతూ మొదటి చరణం పాడి చూడండి. మూడో లైను దగ్గర ఒక సంగతి గమనించండి. "బొట్టు పెట్టి" అని వాక్యం పూర్తి కాకుండా ఆగింది, మధ్యలో వంత వచ్చింది, తర్వాతి లైనులో "చుట్టినాము" అని ముగిసింది. ప్రతి లైనూ "నాము" అంటూ ముగిస్తే చెవి అలసిపోతుంది, ఆ చివరి మాట ఏదో ముందే తెలిసిపోతుంది. అప్పుడప్పుడు వాక్యాన్ని తెరిచి పెట్టి వంతకు వదిలితే, వెనకవాళ్లు తర్వాత ఏమొస్తుందా అని చెవి పెట్టి ఉంటారు. అలాగని నాలుగు లైన్ల వరకు వాక్యం సాగదీయకండి. రెండు వంతలు దాటితే మొదలు ఎవరికీ గుర్తుండదు.

రెండో చరణంలో చెరువు కట్ట ఎందుకొచ్చిందంటే మా ఊళ్లో బోనాలు నిజంగా చెరువు కట్ట మీదుగానే వెళ్తాయి. మీ ఊళ్లో మర్రిచెట్టు దగ్గర మలుపు తిరిగితే "మర్రి చెట్టు" అని పెట్టుకోండి, అదీ ఆరు మాత్రలే. దారిలో ఇళ్లవాళ్లు బయటికొచ్చి బోనమెత్తిన ఆడవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తారు కదా. దానికి "కాళ్ల మీద నీళ్లు పోసి" అని ఒక లైను మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎవరింటి ముందైనా ఊరేగింపు ఆగితే ముందువాళ్లు దాన్ని అందుకుంటారు, నీళ్లు పోసిన ఇంటివాళ్లు కూడా వంతలో కలుస్తారు. ఇలాంటి విడి లైన్లు నాలుగైదు రాసి పెట్టుకోండి. ఊరేగింపు మీ కాగితం ప్రకారం నడవదు, గంటలో చేరాల్సింది రెండు గంటలు పడుతుంది. చరణాలు ఎక్కువ రాయడం కన్నా ఈ విడి లైన్లే అప్పుడు ఆదుకుంటాయి.

మూడో చరణం చూస్తే అందులో మూడు పొట్టి అక్షరాల మాట ఒక్కటీ లేదు. అది కావాలని చేసిందే. గుడి దగ్గరపడేకొద్దీ దప్పు వేగం పెరుగుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. నిదానంగా నడిచేటప్పుడు "పసుపు", "చెరువు", "నడవ" లాంటి మాటలు బాగుంటాయి, ఒక్కో అక్షరం చిన్న దెబ్బ మీద చిలికినట్టు పడుతుంది. వేగం పెరిగాక అవే మాటల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. సాక, పోసి, మొక్కి, పిల్ల, సల్ల, ఈ మాటలు ఎంత వేగంలోనైనా నిలబడతాయి, ఎందుకంటే పెద్ద దెబ్బకు పెద్దక్షరం దొరుకుతుంది. మీ పాటను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మామూలు నడకలో ఒకసారి పాడండి, తర్వాత దాదాపు పరుగు లాంటి నడకలో పాడండి. ఎక్కడ నాలుక మడత పడిందో అక్కడ మూడు పొట్టి అక్షరాల మాటో, రెండు దీర్ఘాలు పక్కపక్కన ఉన్న మాటో ఉంటుంది. ఆ లైను మొదటి చరణంలోకి పంపండి, లేదా మాట మార్చండి.

ఇక్కడొక మాట మీరు అడగొచ్చు: వంతలో "ఎదురు" కూడా మూడు పొట్టి అక్షరాలే కదా అని. నిజమే. వేగం పెరిగినప్పుడు మా ఆడవాళ్లు తమంతట తామే దాన్ని "ఎద్రు రావె" అని పాడారు. మొదటిసారి విన్నప్పుడు దిద్దబోయాను, తర్వాత లెక్కపెడితే ఎద్రు అన్నా మూడు మాత్రలే, పైగా పెద్ద, చిన్న అక్షరాల జంట. వాళ్ల నోరు నాకన్నా ముందే సరిచేసుకుంది. రిహార్సల్‌లో వంత పాడేవాళ్లు మీ మాటను ఒకే రకంగా ఇద్దరు ముగ్గురు మారుస్తుంటే, దిద్దకండి. మార్చిన మాటే రాసుకోండి.

గుడి ముందుకొచ్చాక "ఎదురు రావె" అనడానికి అర్థం ఉండదు, తల్లి ముందే నిలబడి ఉన్నాం. అందుకే మూడో చరణానికి వంతలో సగం మాత్రమే మారుస్తాం:

సూడు తల్లి పోచమ్మ

రెండో సగం, అంటే పేరు, ఊపిరి చోటు అలాగే ఉంటాయి కాబట్టి వెనకవాళ్లకు ఇబ్బంది ఉండదు. కానీ వంత మారుతోందని వాళ్లకు ముందుగా తెలియాలి. ఆ పని చేసేదే కేక. మీ మూడో సందేహం దీని గురించే.

కేక అంటే ఉత్సాహం వచ్చినప్పుడు అరిచే అరుపు అనుకుంటే ఎక్కడ వేయాలో ఎప్పటికీ తెలియదు. మా దగ్గర కేకకు పని ఉంది. చరణానికీ చరణానికీ మధ్య ముందు పాడే మనిషి కేక వేస్తాడు, దప్పులు ఆ కాసేపు తగ్గుతాయి. ఈ ఆగడం పాటకే కాదు, దప్పులకూ అవసరం. బోనాలు ఆషాఢ, శ్రావణాల్లో వస్తాయి, గాలిలో తేమ ఉంటుంది, ఒక్క జల్లు పడితే చాలు దప్పు తోలు వదులై మోత మందగిస్తుంది. దాన్ని మంట మీద కాచుకుంటే గానీ మళ్లీ గట్టిగా పలకదు. పాటలో ఆగే చోటు లేకపోతే దప్పువాళ్లకు కాచుకునే సమయం దొరకదు, మీ మూడో చరణానికి మెత్తటి చప్పుడే మిగులుతుంది. మేం రెండు దప్పులు కాగుతుంటే మిగిలినవి చిన్నగా నడక కొడుతుండేలా మాట్లాడుకుంటాం. ఆ నిమిషమో రెండు నిమిషాలో కేకలు పాటను మోస్తాయి.

కేక ప్రశ్నగా ఉండాలి, జవాబు ఎప్పుడూ ఒకటే ఉండాలి. మావి ఇలా ఉంటాయి:

బోనం ఎవ్వరిదో?
పోచమ్మదో!
ఊరు ఎవ్వరిదో?
పోచమ్మదో!
పంట ఎవ్వరిదో?
పోచమ్మదో!

వీటిని మాత్రల్లో కొలవకండి, కేక దరువుకు బయట తేలుతూ ఉండాలి. కొలవాల్సింది చివరి అక్షరం. ఓ, ఆ, ఏ లాంటి నోరు తెరుచుకునే దీర్ఘంతో ముగిస్తే వీధి చివరి వరకు వినిపిస్తుంది. "బోనం ఎవరిది" అని "ది"తో ఆపి చూడండి, పది అడుగుల్లోనే పోతుంది. జవాబులో కూడా అంతే. ప్రశ్నలోని మొదటి మాట మార్చుకుంటూ పోవచ్చు: కుండ, దీపం, చెరువు, పశువులు, పిల్లలు. కేక వేసే మనిషి ఎదురుగా ఏది కనిపిస్తే అది అందుకుంటాడు, రాసివ్వాల్సిన పని లేదు. మీరు రాసివ్వాల్సింది ఒక్కటే, ఆఖరి కేక. పాట మళ్లీ మొదలవబోతోందని చెప్పేది. మా దగ్గర అది "అడుగు వెయ్యుండ్రో!" ఈ మాట వినగానే దప్పులు మళ్లీ పూర్తి దెబ్బకు వస్తాయి, ఒక పూర్తి వరుస నాలుగు దెబ్బలు దప్పు ఒక్కటే మోగుతుంది, ఐదో దెబ్బ మీద చరణం. గుడి ముందు మాత్రం దాని బదులు "తల్లిని సూడుండ్రో!" అంటాం. అది వినగానే వెనకవాళ్లకు వంత మారిందని తెలిసిపోతుంది. ఈ రెండు కేకలు దప్పువాళ్లతో, వంతవాళ్లతో కలిపి పది సార్లు చేయించండి. చరణాలు తప్పినా ఎవరూ గమనించరు, ఈ కేక తప్పితే సగం మంది పాత వంత, సగం మంది కొత్త వంత పాడతారు.

శృతి గురించి ఒక్క మాట. పాట ఎంత ఎత్తులో మొదలుపెట్టాలో ముందు పాడే మనిషి గొంతును బట్టి కాదు, వంత పాడే ఆడవాళ్ల గొంతును బట్టి తేల్చుకోండి. వాళ్లలో పెద్ద వయసు ఆమెను వంద అడుగులు నడిచాక వంత పాడమనండి, ఆమెకు హాయిగా పలికిన చోటే మీ శృతి. కూర్చుని పాడినప్పుడు కుదిరింది నెత్తిన బరువుతో కుదరదు. రిహార్సల్ కూడా నడుస్తూనే చేయండి, నీళ్లు నింపిన బిందె నెత్తిన పెట్టుకుని చేస్తే ఇంకా మంచిది. వంత ఎక్కడ తెగుతుందో మొదటి వీధిలోనే బయటపడుతుంది.

మీకున్న మూడు వారాల్లో మొదటి వారం దప్పువాళ్ల దగ్గర కూర్చోవడానికి, వంత ఒక్కటి స్థిరం చేసుకోవడానికి పెట్టుకోండి. మీరు ఇప్పటికే రాసిన చరణాలను పారేయకండి. వాటిలో మీ ఊరి సంగతులు ఉన్న లైన్లు తీసి మూడు మాత్రల ముక్కల్లోకి మార్చండి. మంత్రాల్లో వినిపించే పెద్ద మాటలు, కరుణాసింధు లాంటివి, వదిలేయండి. అవి తప్పని కాదు, గుడి లోపల పూజారి నోట బాగుంటాయి, నడిచే దరువులో విరగవు. రెండో వారం వంతవాళ్లతో, మూడో వారం అందరూ కలిసి వీధిలో.

పాట ఎక్కడ ఆపాలో కూడా ముందే ఊరి పెద్దలతో మాట్లాడి పెట్టుకోండి. గుడి చుట్టూ తిరిగి, సాక పోసి, బోనాలు దించే వరకు మీ పాట ఉండొచ్చు. ఎవరికైనా అమ్మవారు పూని శిగం వస్తే పాట అక్కడికక్కడ ఆపకండి, వేగం పెంచకండి, కేకలు వేయకండి. కొత్త చరణం ఎత్తుకోకుండా వంతనే నెమ్మదిగా తిప్పుతూ ఉండండి, దప్పు పెద్దమనిషి సైగ చేసినప్పుడు దించండి. అక్కడి నుంచి గుడి ముందు చెప్పాల్సింది బైండ్లవాళ్లు చెబుతారు. ఆ కథ, ఆ మాటలు వాళ్లకు తరతరాలుగా వచ్చినవి, అక్కడికి కొత్త పాట రాయకండి. మా ఊళ్లో వాళ్ల జమిడిక మీద మొదటి మోత వినగానే మా దప్పులు, మా వంత అన్నీ ఆగుతాయి, ముందు పాడిన మనిషి కూడా వెనక్కొచ్చి జనంలో నిలబడతాడు.